శ్రావణం కేటలాగ్ డైరీ: ఫోటోగ్రాఫర్‌కి మెయిల్ నుంచి ఫైళ్ళు చేతికొచ్చేదాకా

మే 26

ఈసారి శ్రావణమాసానికి కేటలాగ్ వేస్తున్నాం. విజయవాడలో మా చేనేత దుకాణానికి వచ్చి కొనేవాళ్ళ కంటే వాట్సాప్‌లో ఫోటో చూసి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. తిరిగి వచ్చిన చీరల్లో చాలావాటికి చెప్పిన కారణం ఒకటే: "ఫోటోలో రంగు వేరుగా ఉందండీ." చీర మంచిదే, ధరా సరైనదే, కానీ ఆమె అనుకున్న చీర అది కాదు. అందుకే ఈసారి ఫోటోగ్రాఫర్‌కి ఫోన్లో "బాగా తీయండి" అని చెప్పి ఊరుకోకుండా, ఏం కావాలో వివరంగా మెయిల్ రాయాలని కూర్చున్నాను.

24 చీరలు పక్కన పెట్టాం. 8 మంగళగిరి, 8 ఉప్పాడ జాంధానీ, 8 గద్వాల. షాట్ల జాబితా రాయడానికి ముందు నెట్‌లో ఇతరుల కేటలాగులు చూడలేదు. దుకాణంలో చీర చూసే ఆడవాళ్ళ చేతులు ఏం చేస్తాయో గుర్తు చేసుకున్నాను. చీర ఇవ్వగానే ముందు గుమ్మం వెలుతురులోకి తీసుకెళ్తారు. తర్వాత కొంగు లాగి పరుస్తారు. అంచు మీద వేళ్ళు పెట్టి ఎంత వెడల్పో చూస్తారు. బట్ట కింద చెయ్యి పెట్టి పలచగా ఉందా అని చూస్తారు. ఉప్పాడ అయితే తప్పకుండా వెనక్కి తిప్పుతారు. జాకెట్టు ముక్క ఎక్కడుందని అడుగుతారు. చివరికి భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడతారు. ఫోన్లో చూసే మనిషికి ఈ చేతులు లేవు. ఒక్కో ఫోటో ఒక్కో చేతి పని చెయ్యాలి.

అలా లెక్కేస్తే ప్రతి చీరకూ 6 ఫోటోలు మామూలుగా, ఇంకొకటి ఆ రకానికి ప్రత్యేకంగా. మంగళగిరికి బట్ట కింద చెయ్యి పెట్టిన ఫోటో. ఉప్పాడకి వెనక వైపు. గద్వాలకి అంచూ ఒళ్ళూ కలిసే చోటు. చీరకి 7 చొప్పున 24 చీరలకి 168 ఫోటోలు.

మే 27

మెయిల్ పంపాను. ఇలాంటి పని పెట్టుకున్న మిగతా దుకాణాలవాళ్ళకి పనికొస్తుందని మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

> విషయం: శ్రావణం కేటలాగ్ షూట్, 24 చేనేత చీరలు, జూన్ 14, 15
>
> నమస్తే అండీ,
>
> ఫోన్లో మాట్లాడుకున్న షూట్ వివరాలు రాస్తున్నాను. ఇందులో కుదరనిది ఏదైనా ఉంటే ఒప్పుకునే ముందే చెప్పండి, మార్చుకుందాం.
>
> సరుకు: 24 చీరలు. మంగళగిరి నూలు (`MG01` నుంచి `MG08`), ఉప్పాడ జాంధానీ పట్టు (`UP01` నుంచి `UP08`), గద్వాల సికో (`GD01` నుంచి `GD08`). ప్రతి చీరకీ కోడ్ రాసిన అట్టముక్క మేమే ఇస్తాం. షూట్ మా దుకాణం పైఅంతస్తులో.
>
> ప్రతి చీరకీ కావలసిన ఫోటోలు:
>
> 1. మడత పెట్టిన చీర, పైనుంచి. ఒంటి రంగు, అంచు, కొంగు మూడూ ఒకేసారి కనబడాలి. వాట్సాప్‌లో మొదట పోయేది ఇదే.
> 2. కొంగు పూర్తిగా పరిచి. మూలలు తెగకూడదు.
> 3. అంచు దగ్గరగా, పక్కన అంగుళాల టేపుతో. టేపు మీది అంకెలు చదవగలగాలి.
> 4. నేత బాగా దగ్గరగా. దారం దారంగా కనబడాలి.
> 5. జాకెట్టు ముక్క, చీర ఒంటి మీద పరిచి. రెండు రంగులూ పక్కపక్కన కనబడాలి.
> 6. బొమ్మకి కట్టి, ఎదురుగా, తల నుంచి పాదం దాకా.
> 7. ప్రత్యేకం. మంగళగిరి: బట్ట కింద అరచెయ్యి. ఉప్పాడ: బుటా వెనక వైపు. గద్వాల: అంచు, ఒళ్ళు కలిసే గీత దగ్గరగా.
>
> ఏడో ఫోటో ఎందుకో చెప్తాను, మీరు దేన్ని చూపించాలో తెలియడానికి. జాంధానీలో బుటా దారం ఆ బుటాతోనే మొదలై అక్కడే అయిపోతుంది, ఒక బుటా నుంచి ఇంకోదానికి దాటదు. అందుకే వెనక వైపూ దాదాపు ముందులాగే శుభ్రంగా ఉంటుంది. అది తెలిసినవాళ్ళు వెనక్కి తిప్పి చూశాకే కొంటారు. గద్వాలలో ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండు వైపుల అంచులకీ, మధ్యనున్న ఒంటికీ వేరువేరు నాడెలు ఆడతాయి. పేక దారాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఆ గీతలోనే నేతగాడి పని కనబడుతుంది. ఆ గీత ఫోటోలో మసకబారకూడదు.
>
> రంగు: నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఫోటోలో రంగు ఇంకా అందంగా రావాలని అడగడం లేదు, చీరలాగే రావాలని అడుగుతున్నాను. గదిలో ట్యూబ్‌లైట్లు ఆపేస్తాం, కిటికీలు మూసేస్తాం, మీ లైట్లు మాత్రమే ఉంటాయి. లైట్లు కదిపిన ప్రతిసారీ కలర్ చార్ట్ పెట్టి ఒక ఫోటో తీసుకోండి. రా ఫైళ్ళలోనే తీయండి.
>
> దిద్దుబాటు: దుమ్ము, ఊడిన దారం ముక్క, బొమ్మకి పెట్టిన పిన్ను తీసెయ్యండి. నేతలో అక్కడక్కడా కనిపించే దారం లావు, సన్నం, చిన్న ముడి తియ్యొద్దు. అవి పోతే అది చేనేత చీరలా ఉండదు.
>
> పక్కన పెట్టే వస్తువులు: మూడే. పాత టేకు పీట, తాటాకు బుట్ట, కండెలూ నాడే ఉన్న చిన్న పళ్ళెం. ఒకటో ఫోటోలో మాత్రమే, ఒక్కో ఫోటోకి ఒక్కటే. పూలు, పసుపు, కుంకుమ, నూనె దీపం వద్దు. తడో, మరకో తగిలితే ఆ చీర అమ్మలేం. ఇత్తడి చెంబు మా దగ్గర ఉంది, కావాలంటే చెప్పండి.
>
> మేము చూసుకునేవి: చీరలకి ఆవిరి ఇస్త్రీ, పరిచి మడవడానికి ఇద్దరు మనుషులు, చీర కట్టడానికి ఒకరు, రెండు బొమ్మలు, భోజనం, టీ.
>
> ఫైళ్ళు: వెబ్‌కి పొడవు వైపు 2000 పిక్సెళ్ళు, ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్. అచ్చుకి 1, 2, 6 నంబర్ల ఫోటోలు ఏ4 సైజులో 300 డీపీఐ. పేర్లు ఇలా: `GD07_3.jpg` అంటే ఏడో గద్వాల చీర, మూడో ఫోటో.
>
> గడువు: జూన్ 17కి రకానికి ఒక చీర చొప్పున మూడు చీరల ఫోటోలు పూర్తిగా దిద్ది పంపండి. మేము మర్నాడే జవాబిస్తాం. అది ఖాయమయ్యాకే మిగతావి. జూన్ 25కి వెబ్ ఫైళ్ళన్నీ. ఒక విడత సవరణలు జూన్ 28కి. అచ్చు ఫైళ్ళు జూన్ 30కి. జూలై 3న ప్రెస్సుకి ఇస్తేనే శ్రావణం మొదలయ్యేలోపు కేటలాగ్ ఊళ్ళకి చేరుతుంది. కాబట్టి చివరి తేదీ మాత్రం మారదు.
>
> డబ్బు: మీరు చెప్పిన రేటుకే. 40 శాతం ముందు, 30 శాతం నమూనాలు ఖాయమయ్యాక, 30 శాతం అచ్చు ఫైళ్ళు అందాక. దిద్దుబాటులో మా అభిప్రాయం మారడం వల్ల రెండోసారి చెయ్యాల్సి వస్తే దానికి వేరే ఇస్తాం.
>
> హక్కులు: ఫోటోలు మా దుకాణానివి, ఏ ప్రచారానికైనా వాడుకుంటాం. మీ పని చూపించడానికి మీరూ పెట్టుకోవచ్చు, శ్రావణం మొదలైన తర్వాత. రా ఫైళ్ళు 90 రోజులు రెండు చోట్ల దాచి ఉంచండి.
>
> ఉంటానండీ.

హక్కుల గురించి ఒక మాట. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారు. అయినా రాసుకున్నాను. ఫోటోగ్రాఫర్లు చాలామంది తమ సొంత షరతుల కాగితం పంపుతారు, అందులో వేరేలా ఉంటే అదే ఒప్పందం అవుతుంది. ముందే తేల్చుకోవడం ఇద్దరికీ మంచిది.

మే 29

ఆయన జవాబు రాయకుండా ఫోన్ చేశారు. నాకు నచ్చిందేమిటంటే, ధర గురించి కాదు, జాబితా గురించి మాట్లాడారు.

"మేడమ్, మీరు చీర వారీగా రాశారు. నేను లైటు వారీగా తీయాలి" అన్నారు. ఒక చీర తీసుకుని ఏడు ఫోటోలూ తీసి ఇంకో చీరకి వెళ్తే ప్రతిసారీ కెమెరా, లైట్లు కదపాలి. కదిపిన ప్రతిసారీ రంగు కొంచెం తేడా వస్తుంది, టైమూ పోతుంది. దాని బదులు కెమెరా ఒకచోట బిగించి 24 చీరల మడత ఫోటోలు, తర్వాత 24 కొంగులు, అలా పోవాలి. బొమ్మకి కట్టేవన్నీ రెండో రోజు. లెక్క కూడా చెప్పారు: చీర కట్టి, కుచ్చిళ్ళు సర్ది, తీయడానికి 20 నిమిషాలు. 24 చీరలకి 8 గంటలు. అంటే రెండో రోజు మొత్తం దానికే. పరిచి తీసేవి ఆరూ కలిపి చీరకి 20 నిమిషాలే పడతాయి, కానీ చీరలు చకచకా అందుతుంటేనే.

ఇందులో ఒక చిక్కుంది. ఒకే రకం ఫోటోలు వరసగా తీస్తే ఏ ఫోటో ఏ చీరదో తర్వాత తెలియదు. ఎనిమిది మంగళగిరి చీరల నేత దగ్గర నుంచి చూస్తే ఇంటివాళ్ళకే గుర్తుపట్టడం కష్టం. అందుకని ప్రతి చీరకీ కోడ్ అట్టముక్క పెట్టి ఒక ఫోటో, వెంటనే అది తీసేసి అసలు ఫోటో. కోడ్ అట్ట పట్టుకునే పని మా అమ్మాయికి అప్పజెప్పాను. ఆ రెండు రోజులూ ఆమె వేరే పని ముట్టుకోదు.

ఇత్తడి చెంబు ఆయనే వద్దన్నారు. పక్కనున్న చీర మీద పసుపు ఛాయ పడుతుందట. లేత గంధం రంగు చీర మీద అది స్పష్టంగా తెలుస్తుంది, ఎడిటింగ్‌లో తీయడం కష్టం, ఎందుకంటే చీర మొత్తం కాదు, ఒక పక్కే రంగు మారి ఉంటుంది.

చివర్లో ఒక ప్రశ్న అడిగారు: "మీరు భయపడే రంగు ఏదైనా ఉందా?" ఉంది. నెమలికంఠం రంగు ఉప్పాడ, `UP05`. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఇటు నుంచి చూస్తే నీలం, అటు నుంచి పచ్చ. ఇంకోటి రాణీ రంగు గద్వాల, `GD02`. ఈ రెండూ మొదట తీద్దామన్నారు. వీటికి లైటు కుదిరితే మిగతావాటికి కుదురుతుంది.

జూన్ 13

గది సిద్ధం చేశాం. పైఅంతస్తు గోడలకి లేత ఆకుపచ్చ రంగు ఉంది. లైటు గోడకి కొట్టి వెనక్కి వచ్చేటప్పుడు ఆ పచ్చదనాన్ని తెస్తుందని మూడు పక్కలా తెల్ల పంచెలు కట్టించాం. నేల మీద ఎర్ర తివాచీ ఉంటే తీసేశాం. కెమెరా దగ్గర నిలబడేవాళ్ళందరూ రేపు తెలుపో బూడిద రంగో వేసుకోమని చెప్పాను. కాషాయం చొక్కా వేసుకున్న మనిషి తెల్ల చీర మీదికి వంగి నిలబడితే చీర మీద ఆ ఛాయ పడుతుంది.

ఇస్త్రీ పనే ఎక్కువ టైము తీసుకుంది. మంగళగిరి నూలుకి గంజి ఉంటుంది కాబట్టి మడత గీతలు మొండిగా ఉంటాయి. ఆవిరి పట్టి, గీత మీద పలచని తడిబట్ట వేసి నొక్కాలి. ఉప్పాడ పట్టుకి దూరం నుంచి ఆవిరి చాలు, దగ్గరగా పెడితే నీటి చుక్క మరక పడుతుంది. జరీ మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకూడదు, పైన నూలు గుడ్డ వెయ్యాలి. మా దుకాణంలో చిన్నప్పటి నుంచి చీరలు మడిచే పెద్దాయన దగ్గరుండి ఇదంతా చేయించారు. అయినవాటిని మళ్ళీ మడవలేదు. కర్రలకి వేలాడదీసి, పైన పాత పంచె కప్పి, కోడ్ వరసలో పెట్టాం.

జూన్ 14

ఫోటోగ్రాఫర్ తెల్లవారే వచ్చి లైట్లు పెట్టారు. నున్నటి పలక మీద చీర పరిచి, కెమెరా పైనుంచి నేరుగా కిందికి చూసేలా బిగించారు. చెరో పక్కా 45 డిగ్రీల వంపున రెండు పెద్ద సాఫ్ట్‌బాక్సులు. అపర్చర్ ఎఫ్8, ఐఎస్ఓ 100. మొదటి ఫోటో కలర్ చార్ట్‌ది.

మొదటి చీర `GD02`. లాప్‌టాప్‌లో చూడగానే రాణీ రంగు ఒకే ముద్దగా ఉంది, నేత కనబడలేదు. ఫోటో మొత్తం చూస్తే వెలుగు సరిగ్గానే ఉన్నట్టుంది. ఆయన హిస్టోగ్రామ్ అనే వెలుగు గ్రాఫ్‌ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడుగా విడదీసి చూపించారు. ఎరుపు ఒక్కటీ కుడి గోడకి గుద్దుకుని ఉంది. ఎరుపులో వివరం పోయింది కాబట్టి నేత పోయింది. వెలుగు ఒక స్టాపులో సుమారు మూడింట రెండు వంతులు తగ్గించారు. నేత తిరిగొచ్చింది. ముదురు ఎరుపు, రాణీ, కనకాంబరం చీరలన్నిటికీ ఇలాగే మూడు రంగులూ విడివిడిగా చూసుకుంటూ పోయారు.

తర్వాతి తంటా జరీతో. పట్టు, నూలు చక్కగా వచ్చాయి, జరీ మాత్రం నల్లగా, మసి పట్టినట్టు వచ్చింది. జరీ అద్దంలాంటిది, తనకి ఎదురుగా ఏది ఉంటే దాన్నే చూపిస్తుంది. పైన చీకటి సీలింగ్ ఉంది, అదే కనబడుతోంది. కెమెరాకి కాస్త పక్కగా, పైన తెల్ల థర్మోకోల్ షీటు కట్టి, దాని మీదికి లైటు మళ్ళించారు. జరీ వెంటనే వెలిగింది. మెరుపు తగ్గించడానికి లైట్లకీ లెన్సుకీ పోలరైజర్లు వేస్తే ఎలా ఉంటుందని నేను అడిగితే తీసి చూపించారు: పట్టు రంగు నిండుగా వచ్చింది కానీ జరీ పసుపు దారంలా అయిపోయింది. పోలరైజర్లు పక్కన పెట్టేశాం.

నాలుగో నంబరు ఫోటోలకి ఒక లైటు ఆపేసి, ఇంకోదాన్ని పలక అంత ఎత్తుకి దించారు. వెలుగు పక్క నుంచి గీసుకుంటూ పోతే ప్రతి దారానికీ చిన్న నీడ పడి నేత లేచి కనబడుతుంది. రంగు చూపించడానికి వెలుగు పైనుంచి రావాలి, నేత చూపించడానికి పక్క నుంచి రావాలి. ఒకే లైటుతో రెండూ రావు. ఇది తెలిశాక, ఏడు ఫోటోలు అడగడం ఎక్కువేమో అన్న అనుమానం నాకు పోయింది.

`MG04` సన్న గళ్ళ చీర. మడత ఫోటోలో గళ్ళ మీద ఇంద్రధనుస్సు రంగుల అలలు వచ్చాయి. చీరలో అవి లేవు. గళ్ళ సైజు, కెమెరా సెన్సర్ చుక్కల సైజు దగ్గరదగ్గరగా పడినప్పుడు వచ్చే మోరే అది. ముందు ఫోటోని నూరు శాతం సైజులో చూశాం, ఎందుకంటే తెర మీద చిన్నగా చేసి చూసినప్పుడు వచ్చే అలలు ఒక్కోసారి తెరవే, ఫోటోవి కావు. నూరు శాతంలోనూ ఉన్నాయి. కెమెరాని కొంచెం కిందికి దించి మళ్ళీ తీస్తే పోయాయి. గళ్ళ చీరలు పెట్టుకున్నవాళ్ళు దీన్ని అక్కడే చూసుకోవాలి. ఇంటికెళ్ళాక తీసెయ్యడానికి పోతే రంగూ పోతుంది.

గద్వాల గీత ఫోటోలు అన్నిటికంటే బాగా వచ్చాయి. నూలు పేకా, పట్టు పేకా ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరగడం లెక్కపెట్టుకోగలిగేంత స్పష్టంగా ఉంది. దుకాణంలో భూతద్దం ఇచ్చినా కొనేవాళ్ళకి ఇంత బాగా చూపించలేను.

జూన్ 15

బొమ్మలకి కట్టే రోజు. రెండు బొమ్మలు ఉండటం వల్లే పని నడిచింది. ఒకటి కెమెరా ముందుంటే ఇంకోదానికి కడుతున్నారు. వెనక బూడిద రంగు కాగితం. తెలుపు పెడితే లేత చీరల అంచులు వెలుగులో కలిసిపోతున్నాయి, నలుపు పెడితే ముదురు చీరలు మునిగిపోతున్నాయి. కెమెరా నడుము ఎత్తులో. ఇంకా పైనుంచి తీస్తే కిందికి పోయేకొద్దీ కుచ్చిళ్ళు కుంచించుకుపోయి అంచు చిన్నగా కనబడుతుంది.

ఉప్పాడ పట్టుకి పిన్నులు ఎక్కడపడితే అక్కడ పెట్టనివ్వలేదు. పిన్ను గుచ్చిన చోట పట్టు దారం జరిగి కన్నం కనబడుతుంది, అది మళ్ళీ పూడదు. నడుము లోపల దోపిన కుచ్చిళ్ళ దగ్గర, భుజం మీద జాకెట్టు కుట్టు మీద మాత్రమే. కొంగు జారకుండా వెనక బట్టల క్లిప్పు. మంగళగిరికి ఇవేమీ అక్కర్లేదు, గంజి నూలు తనంతట తనే నిలబడుతుంది.

`UP05` కోసం ఎక్కువసేపు ఆగాం. ఎదురుగా తీస్తే నీలంగా వస్తోంది. కొంగుని మోచేతి మీదుగా కొంచెం వంచి, మడత ఒకటి లైటు వైపు తిప్పితే ఆ మడతలో పచ్చ కనబడింది. ఒకే ఫోటోలో రెండూ. జాబితాలో లేదు కానీ ఈ చీరకి ఎనిమిదో ఫోటో కలిపాం. రెండు రంగుల చీర ఉన్నవాళ్ళు దీన్ని ముందే జాబితాలో రాసుకోండి.

చీకటి పడేలోపు అయిపోయింది. మా అమ్మాయి కోడ్ జాబితాలో గుర్తు పెట్టుకుంటూ వచ్చింది కాబట్టి లైట్లు విప్పే ముందే `MG06` జాకెట్టు ముక్క ఫోటో లేదని తెలిసింది. లైట్లు ఉండగానే తీసేశారు. ఆ ఒక్క ఫోటోకి ఇంకో రోజు లైట్లు కట్టి ఉంటే అదే వెలుగు రావడం అసాధ్యం.

ఫైళ్ళు రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి మా దగ్గరే వదిలి వెళ్ళారు. రంగు దిద్దడానికి కష్టమైన ఐదు చీరలు రసీదు మీద ఆయనతో పంపాను. చీర పక్కన పెట్టుకుని దిద్దడం, జ్ఞాపకంతో దిద్దడం ఒకటి కాదు.

జూన్ 18

నమూనాలు చెప్పిన తేదీకే వచ్చాయి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపారు. మామూలు ఫోటోలా పంపితే అది కుదించేస్తుంది, నేత వివరం పోతుంది.

పరీక్ష ఇలా చేశాం. ఉదయం పది గంటలకి, ఎండ నేరుగా పడని గుమ్మం దగ్గర చీర పట్టుకుని, పక్కన ఫోన్లు పెట్టి చూశాం. ఒక్క ఫోన్ సరిపోదు. నాది రంగులు ఎక్కువ చేసి చూపించే తెర, సెట్టింగ్స్‌లో నేచురల్‌కి మార్చాను, కళ్ళకి హాయిగా ఉండే పసుపు వెలుగు మోడ్ ఆపేశాను. కొనేవాళ్ళు అవేవీ మార్చుకోరు కాబట్టి పనిపిల్లల ఫోన్లు ఉన్నవి ఉన్నట్టుగా పెట్టి చూశాం. అన్నిట్లోనూ ఒకే వైపు తేడా వస్తే అది ఫోటో తప్పు. ఒక్కదాంట్లోనే వస్తే ఆ ఫోన్ గుణం.

`MG01` సరిగ్గా ఉంది. `UP05` ఒప్పుకోదగ్గట్టు ఉంది, ఎనిమిదో ఫోటో దాన్ని కాపాడింది. దాని కింద "నీలం పడుగు, ఆకుపచ్చ పేక, వెలుగుని బట్టి రంగు మారుతుంది" అని రాయాలని నిర్ణయించాం. `GD03` మాత్రం అన్ని ఫోన్లలోనూ తేడాగా ఉంది. ఆయనకి ఇలా రాశాను: "అంచు ఎరుపు సరిగ్గా ఉంది, ముట్టుకోవద్దు. ఒళ్ళు ఆవపిండి రంగు, ఫోటోలో నిమ్మపండు వైపు జరిగింది. కొంచెం ముదురు, కొంచెం ఎరుపు వైపు రావాలి." ఏ చీర, ఏ భాగం, ఎటు జరిగింది, ఏది సరిగ్గా ఉంది, ఈ నాలుగూ రాస్తే ఒక్కసారిలో సరవుతుంది. ఉత్త "రంగు రాలేదు" అని రాస్తే చీర మొత్తాన్ని మారుస్తారు, బాగున్న అంచు పాడవుతుంది.

ఆ సాయంత్రమే సరిచేసి పంపారు. మిగతావాటికి సరేనన్నాను.

జూన్ 25

వెబ్ ఫైళ్ళన్నీ వచ్చాయి. 168, ఎనిమిదో ఫోటోతో 169. పేర్లన్నీ జాబితాకి సరిపోయాయి. పెద్దాయన, నేను ఒక్కో చీరా తీసి ఒక్కో ఫోటోతో పోల్చాం.

సవరణలు రాసిచ్చినవి కొన్నే. `MG07` ఒంటి మీద దారం ముడి తీసేశారు, అది వెనక్కి పెట్టమన్నాను. ఆయన సహాయకుడు దాన్ని దుమ్ము అనుకున్నాడట. `GD06` టేపు అంకెలు మసకగా ఉన్నాయి, ఇంకో ఫోటో ఎంచమన్నాను. `UP02` గంధం రంగు ఒక వైపు పచ్చగా ఉంది, పంచె జరిగి గోడ రంగు తగిలిందని గుర్తుపట్టారు, ఆ పక్కే దిద్దుతామన్నారు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి 2020 ఈ-కామర్స్ నియమాల్లోనూ ఫోటో సరుకు రూపానికి సరిపోవాలనే ఉంది. అంటే ముడిని తుడిచేసి, రంగుని నిగారింపజేసి అమ్మడం ఇష్టాయిష్టాల సంగతి మాత్రమే కాదు, నియమాల సంగతి కూడా.

జూలై 3

అచ్చు ఫైళ్ళు జూన్ 30నే అందాయి, ఇవాళ ప్రెస్సులో ప్రూఫ్ చూశాను. తెర మీద వచ్చే రాణీ రంగూ నెమలి నీలమూ నాలుగు సిరాల అచ్చులో అంత నిండుగా రావు. `GD02` ప్రూఫ్‌లో వెలిసిపోయినట్టుంది. దిద్దితే కొంత మెరుగైంది, పూర్తిగా కాదు. అట్ట మీదికి దాన్ని అనుకున్నాం కానీ మార్చి, ఆవపిండి రంగు ఒంటికి ఎర్రంచున్న `GD03` పెట్టించాను. అది అచ్చులోనూ చీరలాగే ఉంది. `GD02` లోపలి పేజీలో చిన్నగా పెట్టి, పక్కన వాట్సాప్‌లో ఫోటోలు అడగమని రాయించాం.

ప్రూఫ్ మీద సంతకం పెట్టాను. ఫోటోగ్రాఫర్‌కి మిగిలిన 30 శాతం పంపించి, ఐదు చీరలూ వెనక్కి తీసుకుని రసీదు చింపేశాం. దీపావళి షూట్‌కి ఇదే మెయిల్ పనికొస్తుంది. రెండు మార్పులు ఇప్పుడే చేసి పెట్టుకున్నాను: జాబితా లైటు వారీగా, రెండు రంగుల చీరలకి ఎనిమిదో ఫోటో.